పంచ్‌కి ముందు ఆ గ్యాప్ ఎవరిది?

ప్రశ్న: వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ గెట్ టుగెదర్‌లో ఒక జోకు చెప్పాను. "మా లిఫ్టు మూడు రోజులుగా పాడైంది. మెకానిక్ వచ్చాడా అని వాచ్‌మన్‌ని అడిగితే, వచ్చాడు సార్, కానీ ఆ లిఫ్టులోనే ఇరుక్కుపోయాడు అని చెప్పాడు." ఇదే జోకు అంతకుముందు ఆఫీసులో ఆగకుండా చెప్తే ఎవరూ పెద్దగా నవ్వలేదు. పంచ్‌కి ముందు గ్యాప్ ఇవ్వమని ఒకరు సలహా ఇచ్చారు. అందుకని ఈసారి "వచ్చాడు సార్" దగ్గర మనసులో రెండు సెకన్లు లెక్కపెట్టుకుని ఆగాను. ముందు వరసలో ఒకాయన "ఇరుక్కుపోయాడా?" అని నాకంటే ముందే అనేశాడు. నవ్వంతా ఆయనకి వెళ్లిపోయింది. అసలు ఎన్ని సెకన్లు ఆగాలి? వచ్చే నెల మా మేనేజర్ గారి ఫేర్‌వెల్‌లో కూడా మాట్లాడాలి.

జవాబు:

రెండు సెకన్లు చాలా ఎక్కువండీ. ఈ జోకుకి 0.6 నుంచి 0.8 సెకను చాలు. అయితే ఈ అంకె ఒక్కటి పట్టుకుని వెళ్తే మళ్లీ దెబ్బతింటారు. మీరు ఆగిన చోటు కుదరలేదు, ఆగాక చెప్పిన మాటలూ కుదరలేదు. ఆ రెండూ సరిచేస్తే ఎంతసేపు ఆగాలన్నది దాదాపు దానంతటదే తేలుతుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. పంచ్‌కి ముందు ఆగడం నియమం ఏమీ కాదు. 2011లో సాల్వటోరే అటార్డో, లూసీ పికరింగ్ అనే భాషాశాస్త్రవేత్తలు మామూలు మనుషులు జోకులు చెబుతుంటే రికార్డు చేసి, ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగారో కొలిచారు. పంచ్‌కి ముందు ప్రత్యేకంగా ఎక్కువసేపు ఆగుతున్నారని ఆ కొలతల్లో తేలలేదు. అంటే ఆగకుండా చెప్పినా జోకు జోకే. గ్యాప్ అనేది కొన్ని రకాల జోకులకు మాత్రమే పనికొచ్చే పనిముట్టు. అదృష్టం కొద్దీ మీది ఆ రకమే, ఎందుకంటే అందులో ఒక ప్రశ్న, దానికి ఒక జవాబు ఉన్నాయి.

ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఖాళీ గురించి మనందరి చెవులకీ తెలియకుండానే ఒక లెక్క ఉంది. 2009లో పది భాషల్లో సంభాషణలు కొలిచి చూస్తే, ప్రశ్న అయిన తర్వాత జవాబు మొదలవడానికి పట్టే సమయం సగటున 0.2 సెకను దగ్గర తేలింది. ఆ పదిలో తెలుగు లేదు గానీ, భాషకీ భాషకీ పెద్ద తేడా లేదన్నదే అక్కడ తేలిన విషయం. రెప్పపాటులో జవాబు వచ్చేస్తుందన్నమాట. అదే జవాబు 0.7 సెకను దాటి ఆలస్యమైతే, వినేవాడికి "ఏదో తేడాగా ఉంది" అనిపిస్తుంది. "రేపు పెళ్లికి వస్తున్నారుగా?" అని అడిగి చూడండి. వెంటనే "ఆఁ" వస్తే వస్తున్నట్టు. ఒక్క క్షణం ఆగి "ఆఁ" అన్నారంటే ఇక వాళ్లు రారని మీకు అక్కడే అర్థమైపోతుంది.

జోకులో గ్యాప్ చేసే పని సరిగ్గా ఇదే. కథలో ఒకడు ప్రశ్న అడిగాడు, ఇంకొకడు జవాబు చెప్పడానికి అరక్షణం తటపటాయించాడు. రాబోయే జవాబు ఇబ్బందికరమైనదని వినేవాళ్లు అంతలోనే పసిగట్టేస్తారు. ఏం ఇబ్బందో మాత్రం ఇంకా తెలియదు. ఆ తెలియని క్షణంలో మీరు మాట వదిలితే, అందరి మనసుల్లోనూ అది ఒకేసారి పడుతుంది, నవ్వూ ఒకేసారి వస్తుంది. ఆలస్యం ఒక సెకను దాటితే కొంతమంది ఊరుకోరు, ఆ ఇబ్బంది ఏమిటో వెతకడం మొదలుపెడతారు. రెండు సెకన్లు ఇస్తే మీ ముందు వరస పెద్దాయనలా చురుకైనవాళ్లకు అది దొరికిపోతుంది. ఆయన తప్పేం లేదు, వెతుక్కోమని మీరే సమయం ఇచ్చారు.

ఇప్పుడు చోటు సంగతి. మీరు "వచ్చాడు సార్" తర్వాత ఆగారు. అది జవాబు, ప్రశ్న కాదు. జవాబు పూర్తయ్యాక వాచ్‌మన్ ఆగాల్సిన పని లేదు. కాబట్టి అక్కడ ఆగింది వాచ్‌మన్ కాదు, మీరు. ఇప్పుడు జోకు రాబోతోంది, కాచుకోండి అని స్టేజీ మీది మనిషి గంట కొట్టినట్టయింది. గ్యాప్‌కి ఎప్పుడూ కథలో ఒక యజమాని ఉండాలి. పాత్ర ఆగితే జనం కథ లోపలే ఉంటారు, చెప్పేవాడు ఆగితే బయటకొచ్చి కూర్చుని పంచ్ కోసం చూస్తారు. కొత్తగా చెప్పేవాళ్ల గ్యాపులు విఫలమవడానికి నాకు తెలిసి మొదటి కారణం ఇదే. నిడివి దాని తర్వాతి మాట.

మీ జోకునే తిరగ రాద్దాం. రెండు గొంతులు పెట్టండి, ప్రశ్న వాచ్‌మన్ ముందు ఉంచండి:

"లిఫ్టు పాడై మూడో రోజు. మాది అయిదో అంతస్తు. రెండు చేతుల్లోనూ రైతు బజారు సంచులు. మెట్ల దగ్గర వాచ్‌మన్ కనిపించాడు. 'ఏమయ్యా, ఇవాళ కూడా మెకానిక్ రాలేదా?' అన్నాను. 'వచ్చీసినాడు బాబూ. పొద్దున్నే వచ్చీసినాడు' అన్నాడు. 'మరేడీ?'"

ఇక్కడ ఆగాలి. ఆ తర్వాత:

"లోపలున్నాడు."

ఏం మారిందో ఒక్కొక్కటీ చూడండి. మీ పాత వాక్యంలో పంచ్‌కి ముందు "కానీ" ఉంది. "వచ్చాడు, కానీ" అనగానే వచ్చినా పని జరగలేదని తెలిసిపోయింది, సగం జోకు ఆ ఒక్క మాట తినేసింది. కొత్తదాంట్లో "పొద్దున్నే వచ్చీసినాడు" అని రెండోసారి చెప్పడం శుభవార్తలా వినిపిస్తుంది. అదే మాట "పొద్దుటి నుంచి ఏం చేస్తున్నట్టు?" అన్న అనుమానాన్ని కూడా చడీ చప్పుడూ లేకుండా లోపల పెట్టేస్తుంది. రెండో సంగతి "ఇరుక్కుపోయాడు". అది జోకుని విప్పి చెప్పే మాట. "లోపలున్నాడు" అంటే ఇరుక్కోవడాన్ని వినేవాడు తానే కట్టుకోవాలి, నవ్వు ఆ కట్టుకోవడంలోంచి వస్తుంది. మీరే కట్టి ఇస్తే "ఓహో, అలాగా" అంటారు.

మూడోది తెలుగులో జోకు చెప్పేవాళ్లందరికీ ఉన్న ఇబ్బంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఎవరో అన్న మాటని చెప్పినప్పుడు "అన్నాడు", "అని చెప్పాడు", "అన్నాడట" కూడా చివరే వస్తాయి. పంచ్ పేలిన వెంటనే "అని చెప్పాడు" అనే తోక వచ్చి పడుతుంది. జనం నవ్వడానికి నోరు తెరిచే సరికి మీరింకా మాట్లాడుతూ ఉంటారు. మాట్లాడుతున్నవాడి మీద నవ్వడం మర్యాద కాదు కాబట్టి ఆ నవ్వుని ఆపుకుంటారు, ఆపుకున్న నవ్వు మళ్లీ అంత బలంగా రాదు. ఆఫీసులో ఆగకుండా చెప్పినప్పుడు మీ జోకు చల్లారిపోయింది అందుకే. గ్యాప్ లేకపోవడం కంటే ఆ తోక ఉండటమే అక్కడ ఎక్కువ నష్టం చేసింది.

దీనికి మందు తెలుగులోనే ఉంది. మొదటి రెండు మాటలకు "అన్నాను", "అన్నాడు" పెట్టండి. ఎవరి గొంతు ఏదో వినేవాళ్ల చెవికి పట్టేస్తుంది. మూడో మాట నుంచి వాటిని వదిలేయండి. పైన "మరేడీ?" తర్వాత "అన్నాను" లేకపోవడం, "లోపలున్నాడు" తర్వాత "అన్నాడు" లేకపోవడం కావాలని చేసిందే. మూడో గొంతు కూడా ఉంటే, లేక గొంతులు మార్చడం మీకు చేతకాకపోతే, ఆ మాటని ముందుకు తెచ్చుకోవచ్చు: "వాచ్‌మన్ అంటాడూ, లోపలున్నాడు." మన పెద్దవాళ్లు కథలు చెప్పేటప్పుడు ఆ చివరి "డూ"ని సాగదీస్తారు చూడండి, ఆ సాగదీతే గ్యాప్. అచ్చుతో ముగిసే మాటలున్న భాష కాబట్టి మనకి ఆ సౌకర్యం ఉంది. కాకపోతే సాగదీసి, మళ్లీ మౌనంగా కూడా ఆగితే రెండూ కలిసి నిడివి రెట్టింపవుతుంది. ఏదో ఒకటే చేయండి. "ఏమన్నాడో తెలుసా?" అని మాత్రం అడక్కండి. అది నిజంగానే ప్రశ్న, ఎవరో ఒకరు జవాబు చెప్తారు.

వాచ్‌మన్ యాస గురించి ఒక మాట. "వచ్చీసినాడు" అన్నది ఇక్కడ మన ఉత్తరాంధ్ర పలుకు. ఆ పాత్రకి నప్పుతుంది కాబట్టి పెట్టాను. దాన్ని వెటకారంగా సాగదీసి చెప్తే జనం యాస దగ్గరే నవ్వేస్తారు, పంచ్ వచ్చేసరికి ఆ నవ్వు అయిపోయి ఉంటుంది. పైగా శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు లేని హాలు వైజాగ్‌లో ఉండదు. మీ మాట తీరు అది కాకపోతే "వచ్చేశాడు సార్" అనే చెప్పండి, జోకుకి ఏ నష్టమూ లేదు.

ఇక ఆ 0.7 సెకను ఎలా కొలుచుకోవాలి? అంకెలు లెక్కపెట్టకండి. లెక్కపెట్టే మనిషి కళ్లు లోపలికి తిరిగిపోతాయి, చూసేవాళ్లకి అది తెలిసిపోతుంది. దాని బదులు ఆ క్షణంలో వాచ్‌మన్ ఏమనుకుంటాడో అది మనసులో అనుకోండి: "ఎలా చెప్పాలి". మామూలు మాట వేగంలో సెకనుకి ఆరేడు అక్షరాలు పలుకుతాం. ఇందులో అక్షరాలు అయిదు. మనసులో ఒకసారి అనుకునేసరికి దాదాపు 0.7 సెకను అయిపోతుంది. గ్యాప్‌కి యజమాని ఎవరన్న ప్రశ్న కూడా దీంతోనే తీరిపోతుంది, ఎందుకంటే మీ ముఖంలో అప్పుడు కనిపించేది వాచ్‌మన్ ఇబ్బంది.

ఆగినప్పుడు శరీరం ఏం చేస్తోందో కూడా ముఖ్యం. "మరేడీ?" అన్నాక గాలి పీల్చకండి. మైకు ముందు ఆ పీల్చిన చప్పుడు అందరికీ వినిపిస్తుంది, ఇప్పుడో పెద్ద వాక్యం రాబోతోందన్న సంకేతం కూడా ఇస్తుంది. "లోపలున్నాడు" ఒక్క మాట, దానికి కొత్త ఊపిరి అక్కర్లేదు. గాలి "పొద్దున్నే వచ్చీసినాడు" తర్వాత తీసుకోండి, అక్కడ ఎవరూ పట్టించుకోరు. "మరేడీ" గొంతు పైకి లేచి అక్కడే నిలబడాలి, కిందకి దిగితే ప్రశ్న ప్రశ్నలా ఉండదు. కళ్లు ముందు అడిగినాయన ముఖం మీద, తర్వాత పక్కన లిఫ్టు ఉన్నట్టుగా ఊహించుకున్న చోటికి. ఆ చూపు లేకపోతే "లోపల" అంటే వాచ్‌మన్ గదిలోపల అనుకునేవాళ్లు కూడా ఉంటారు. చూపు గ్యాప్ చివర్లో తిరగాలి, మాట దాని వెనకే రావాలి. మొదట్లోనే తిప్పేస్తే ఆ చూపే పంచ్ అయిపోతుంది. మీరు నవ్వకూడదని వేరే చెప్పక్కర్లేదు, వాచ్‌మన్‌కి అదేం నవ్వొచ్చే విషయం కాదు కదా.

సాధన ఫోన్ రికార్డర్‌తో చేయండి. ఒకే జోకుని అయిదుసార్లు చెప్పండి: అసలు ఆగకుండా ఒకసారి, చాలా కొద్దిగా ఆగి ఒకసారి, "ఎలా చెప్పాలి" అంతసేపు ఒకసారి, దానికి రెట్టింపు ఒకసారి, రెండు సెకన్లు ఒకసారి. మరుసటి రోజు వినండి, వెంటనే వింటే చెవి నిజం చెప్పదు. కొలవాలనుకుంటే ఆ ఫైలుని కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిచి, శబ్దం గీతలు చదునుగా ఉన్న భాగాన్ని మౌస్‌తో లాగి ఎంచుకుంటే, కింద కనిపించే సమయాలను బట్టి అది ఎన్ని సెకన్లో తెలుస్తుంది. ఇక్కడ తెలుగువాళ్లు ఒక పొరపాటు పడతారు. "వచ్చీసినాడు"లో "చ్చ", "పట్టు"లో "ట్ట" లాంటి ద్విత్వాక్షరాల దగ్గర నోట్లో గాలి దారి కాసేపు పూర్తిగా మూసుకుంటుంది కాబట్టి అక్కడా గీత చదునుగానే ఉంటుంది. అది ఆగడం కాదు, అక్షరంలో భాగమే. 0.25 సెకను కంటే చిన్న ఖాళీలని వదిలేయండి.

రికార్డు వింటే మరో సంగతి కూడా బయటపడుతుంది. స్టేజీ మీద కంగారులో ఉన్న మనిషికి అరసెకను మౌనం అయిదు సెకన్లంత అనిపిస్తుంది. "బాగా ఆగాను" అనుకున్న చోట కొలిస్తే 0.2 సెకనే ఉంటుంది. మీలాగా లెక్కపెట్టేవాళ్లు ఇంకో చివరకి వెళ్తారు. కాబట్టి ఎంత ఆగానని మీకనిపించిందో నమ్మకండి, నవ్వు ఎలా వచ్చిందో నమ్మండి. గ్యాప్ తక్కువైతే నవ్వు ఆలస్యంగా, అక్కడక్కడా విడివిడిగా వస్తుంది, ఒకరు పక్కవాళ్లని "ఏమన్నాడు?" అని అడుగుతారు. ఎక్కువైతే పంచ్‌కి ముందే చిన్న ముసిముసి నవ్వులు మొదలవుతాయి, పంచ్ దగ్గర నవ్వుకి బదులు "ఆఁ" అనే నిట్టూర్పు లాంటిది వస్తుంది. ఇబ్బందిగా ఆగిపోయి మర్చిపోయినట్టు కనిపిస్తే ఎవరో ఒకరు చప్పట్లు కొట్టి మిమ్మల్ని ఆదుకోబోతారు. సరిగ్గా కుదిరినప్పుడు ముందువాళ్లూ వెనకవాళ్లూ ఒకే క్షణంలో నవ్వుతారు.

మీ మేనేజర్ గారి ఫేర్‌వెల్‌కి దీనికి పూర్తిగా తిరగబడిన గ్యాప్ ఒకటి ఉంది, అది తెలుగుకి మాత్రం భలే నప్పుతుంది. ఇందాక పంచ్‌ని చంపిన "అని" ఉంది చూశారా, అదే "అని" ఇక్కడ పంచ్ అవుతుంది. మన భాషలో ఎంత పొడవు వాక్యం చెప్పినా, చివర "అని" తగిలిస్తే ముందున్నదంతా ఇంకొకరి మాట అయిపోతుంది. ఇలా:

"మా సార్ ఎవరు లీవు అడిగినా కాదనరు."

ఇక్కడ ఆగండి. ఆ తర్వాత:

"అని ఇంటర్వ్యూలో చెప్పారు."

లిఫ్టు జోకులో గొంతు పైన నిలబడాలన్నాను, ఇక్కడ పూర్తిగా కిందకి దిగిపోవాలి. "కాదనరు" దగ్గర వాక్యం అయిపోయిందని అందరూ నమ్మాలి, ఆయన వైపు చూసి వినయంగా తలూపండి కూడా. ఇక్కడ గ్యాప్‌కి యజమాని మీరే, కానీ జోకు చెప్పేవాడిగా కాదు, పొగడ్త ముగించిన ఉద్యోగిగా. అందుకే దీనికి సెకను వరకు చోటుంది. వెతకడానికి ఏమీ లేదు కాబట్టి ఎవరూ ముందే కనిపెట్టలేరు. ఒకరిద్దరు చప్పట్లు మొదలుపెట్టారంటే మీ పని ఫలించినట్టే, ఆ చప్పట్ల మొదటి చప్పుడు మీదే "అని" వేసేయండి. చప్పట్లు మొత్తం అయిపోయేదాకా ఆగితే మాత్రం కొత్త వాక్యంలా వినిపిస్తుంది, అతుకు ఊడిపోతుంది. ఇలాంటిది ఒక ప్రసంగంలో ఒక్కటే వాడండి. రెండోసారి "కాదనరు" లాంటి మాట దగ్గర ఆగగానే హాలంతా "అని" కోసం కాచుకుని ఉంటుంది.

గ్యాప్ అసలు పెట్టకూడని చోట్లు కూడా ఉన్నాయి. శ్లేష మీద నడిచే మాట ముందు ఆగితే, ఇక్కడ మాటలో ఏదో ఉంది వెతకండి అని చెప్పినట్టే. అది మామూలు మాటలా దొర్లిపోతేనే అందం. వెటకారపు ఎదురు జవాబు ఇంకా అంతే. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు అవధానిని ఏదో వంకర ప్రశ్న అడుగుతాడు, అవధాని తడుముకోకుండా తిప్పికొడతాడు. అక్కడ సభ నవ్వేది జవాబుకి ఎంతో, ఆ వేగానికీ అంతే. మంచి జవాబే రెండు సెకన్లు ఆలోచించి చెప్తే తెలివైన జవాబుగా మిగులుతుంది, నవ్వు సగమైపోతుంది.

నలుగురైదుగురు కూర్చున్న చోట, అంటే క్యాంటీన్లోనో టీ కొట్టు దగ్గరో, మీకు ఇంకో చిక్కు వస్తుంది. మనవాళ్లు కథ వింటే ఊ కొడతారు. మీరు ఆగగానే ఆ ఖాళీలోకి ఎవరి "ఊఁ" అయినా వచ్చి పడుతుంది. అది పడుతున్న క్షణంలోనే మీరు "లోపలున్నాడు" అంటే రెండూ గుద్దుకుని, మాటలో మొదటి అక్షరాలు వినపడకుండా పోతాయి. ఇక్కడ మనసులో ఏమీ అనుకోవద్దు, ఆ "ఊఁ" కోసమే ఆగండి. అది అయిపోయిన వెంటనే మాట వదలండి. బుర్రకథలో కథకుడు ఆగగానే వంత పాడేవాడు "ఏమైంది?" అన్నట్టు అందుకుంటాడు చూడండి, ఆ ఊతం మీకు ఇక్కడ ఉచితంగా దొరుకుతోంది.

చోటుని బట్టి కూడా కొంత మార్చుకోవాలి. కళాభారతి లాంటి హాల్లో నిశ్శబ్దం నిశ్శబ్దంగానే వినిపిస్తుంది కాబట్టి 0.7 సెకను చక్కగా తెలుస్తుంది. ఆర్కే బీచ్ పక్కన ఆరుబయట అయితే మీరు ఆగినా సముద్రం ఆగదు. అల చప్పుడు, గాలి కలిసి గ్యాప్‌ని పూడ్చేస్తాయి. అక్కడ చెవికి కాక కంటికి ఆగాలి: చేయి కదలడం ఆపేయండి, తల తిప్పండి, గ్యాప్‌ని ఒక సెకను దాకా పెంచండి. వీడియో కాల్లో మాత్రం గ్యాప్ తీసేయండి. లైన్లో ఉండే ఆలస్యం మీ మౌనానికి తోడై అవతలివాళ్లకి "కట్టయిందా?" అన్న అనుమానం వస్తుంది, మీ పంచ్ మీద "హలో, వినిపిస్తోందా" పడుతుంది.

పంచ్ తర్వాత కూడా ఒక గ్యాప్ ఉంది, దాన్ని చాలామంది మింగేస్తారు. నవ్వు మొదలై, పెరిగి, పతాక స్థాయికి వెళ్లి తగ్గుతుంది. అది పెరుగుతుండగా మీరు తర్వాతి మాట మొదలుపెడితే, వినాలి కాబట్టి జనం నవ్వు ఆపుకుంటారు. రెండుసార్లు అలా జరిగితే ఈయన నవ్వనివ్వడని నేర్చుకుని మూడోసారి నవ్వరు. పూర్తిగా చల్లారేదాకా ఆగితే మళ్లీ మొదటి నుంచి వేడి చేయాలి. తగ్గడం మొదలై, ఇంకా కొంచెం మిగిలి ఉండగా అందుకోండి. పెద్ద హాల్లో కాస్త ఎక్కువ ఓపిక పట్టాలి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది, అంటే 34 మీటర్ల దూరంలో ఉన్న చివరి వరసకి మీ గొంతు నేరుగా చేరడానికి 0.1 సెకను, వాళ్ల నవ్వు మీ దాకా రావడానికి మరో 0.1. ముందు వరస నవ్వు తగ్గినప్పుడు వెనక వరస ఇంకా నవ్వుతూ ఉండొచ్చు.

ఆ తగ్గే నవ్వు మీద వేయడానికి ఒక చిన్న కొసరు మాట సిద్ధంగా పెట్టుకోండి. లిఫ్టు జోకుకి అయితే, వాచ్‌మన్ గొంతుతోనే: "టిఫినిచ్చీసినాం బాబూ." దీని ముందు గ్యాప్ వద్దు. మెకానిక్ లోపల ఉన్నాడని అందరికీ తెలిసిపోయింది, దాచడానికి ఏమీ మిగల్లేదు. వాచ్‌మన్ తన వైపు నుంచి తప్పేం జరగలేదని సర్దిచెప్పుకుంటున్నట్టు, మామూలుగా, కొంచెం గర్వంగా చెప్పండి.

ఇంత చేసినా ముందు వరసలో ఎవరో ఒకరు ముందే "లిఫ్టులోనా?" అని అందుకోవచ్చు. అప్పుడు మీ పంచ్ మీరు మళ్లీ చెప్పకండి, అది అప్పటికే అందరూ విన్నారు. వాచ్‌మన్ గొంతు వదలకుండా, ఆయన వైపు తిరిగి, ఒక్క క్షణం కూడా ఆగకుండా "మీరూ మా బ్లాకేనా బాబూ?" అనేయండి. ఈ మాట ముందు అర సెకను ఆలస్యమైనా మీరు ఇరుకున పడ్డట్టు తెలిసిపోతుంది, కాబట్టి దీన్ని ఇంటి దగ్గరే పదిసార్లు నోటికి పట్టించుకుని వెళ్లండి.